రిఫరల్ బోనస్: ప్రకటించిన మొత్తానికీ చేతికొచ్చే మొత్తానికీ మధ్య ఏం జరుగుతుంది

తెలిసిన మనిషిని తన కంపెనీలో చేర్పించిన ఉద్యోగికి కంపెనీ ఇచ్చేది రిఫరల్ బోనస్. దాని మీద వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం తేదీల దగ్గరే మొదలవుతాయి. బోనస్ ఎంతో కంపెనీ పోర్టల్‌లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది ఏ రోజున హక్కుగా మారుతుంది, ఏ నెల జీతంతో పడుతుంది, ఏ సంవత్సరం ఆదాయంలో కలుస్తుంది అన్నవి మాత్రం పాలసీ డాక్యుమెంట్ లోపలెక్కడో ఉంటాయి. తెలిసిన మనిషి ఉద్యోగంలో చేరగానే తన పని అయిపోయిందని రిఫర్ చేసిన ఉద్యోగి అనుకుంటారు. కంపెనీ లెక్కలో అసలు గడియారం అప్పుడే మొదలవుతుంది.

కంపెనీ అలా ఎందుకు ఆలోచిస్తుందో తెలిస్తే మిగతా నిబంధనలు సులువుగా అర్థమవుతాయి. ఏజెన్సీ ద్వారా మనిషిని తీసుకుంటే, ఆ అభ్యర్థి ఏడాది జీతంలో కొంత శాతాన్ని కంపెనీ ఫీజుగా కడుతుంది. ఆ ఒప్పందాల్లో మామూలుగా ఒక రీప్లేస్‌మెంట్ గడువు ఉంటుంది. చేరిన మనిషి మొదటి కొన్ని నెలల్లోనే వెళ్లిపోతే ఏజెన్సీ ఇంకొకరిని వెతికి ఇవ్వాలి, లేదా ఫీజు వెనక్కి ఇవ్వాలి. చేరిన మనిషి 90 రోజులు ఉంటేనే రిఫరల్ బోనస్ అనే షరతు కూడా ఇలాంటి రక్షణే. తేడా ఏమిటంటే, ఏజెన్సీకి ఫీజు ముందు ఇచ్చి తర్వాత వెనక్కి అడుగుతారు. ఉద్యోగికైతే అసలు ఇవ్వడమే ఆలస్యం చేస్తారు. ఉద్యోగి దగ్గర్నుంచి డబ్బు వెనక్కి రాబట్టడం కష్టం, పైగా చేదు అనుభవం. అందుకే చాలా పాలసీలు రికవరీ కంటే వాయిదానే ఎంచుకుంటాయి. కొన్ని మాత్రం రెండూ పెడతాయి.

దీన్ని ఒక కేసు తీసుకుని చివరిదాకా చూద్దాం. కంపెనీ భారత్‌లో ఉంది. బోనస్ 60,000 రూపాయలు. అభ్యర్థి చేరి 90 రోజులు పూర్తయితే సగం, 180 రోజులు పూర్తయితే మిగతా సగం. రెండు సందర్భాల్లోనూ డబ్బు "అర్హత వచ్చిన నెల తర్వాతి నెల జీతంతో" ఇస్తారు. అభ్యర్థి 2025 నవంబర్ 10న చేరాడు.

రోజుల లెక్క

చేరిన రోజును ఒకటో రోజుగా లెక్కిస్తే 90 రోజులు 2026 ఫిబ్రవరి 7కి పూర్తవుతాయి. 180 రోజులు మే 8కి. అంటే మొదటి సగం మార్చి జీతంతో, రెండో సగం జూన్ జీతంతో పడాలి. నవంబర్‌లో చేరిన మనిషికి సంబంధించిన మొదటి రూపాయి మార్చి చివరికి చేతికొస్తుంది. పాలసీలో "90 రోజులు" అని చదివి ఫిబ్రవరిలో డబ్బు కోసం చూసేవాళ్లు ఇక్కడే టెన్షన్ పడతారు. నిజానికి 90 రోజులు అనేది అర్హత తేదీ. చెల్లింపు తేదీ వేరు.

పాలసీలో "90 రోజులు" బదులు "మూడు నెలలు" అని ఉంటే అర్హత తేదీ ఫిబ్రవరి 9 అవుతుంది. రెండు రోజుల తేడాతో ఈ కేసులో ఏమీ మారదు. కానీ "90 పని దినాలు" అని ఉంటే కథ పూర్తిగా వేరు. వారానికి ఐదు రోజుల పని అయితే 90 పని దినాలంటే 18 వారాలు. నవంబర్ 10 సోమవారం కాబట్టి, మధ్యలో ఒక్క సెలవు కూడా లేదనుకున్నా మార్చి 13కి గానీ పూర్తి కావు. తర్వాతి నెల అంటే ఏప్రిల్. అంటే డబ్బు ఒక నెల ఆలస్యం కావడమే కాదు, ఏకంగా మరో ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోయింది. దాని ప్రభావం పన్ను దగ్గర కనిపిస్తుంది.

ఇంకో రకం షరతు "ప్రొబేషన్ పూర్తయి కన్‌ఫర్మ్ అయ్యాక" అనేది. వినడానికి బాగానే ఉంటుంది గానీ రిఫర్ చేసిన ఉద్యోగికి ఇదే అన్నిటికంటే ఇబ్బందికరమైనది. రోజులు వాటంతటవే గడుస్తాయి, కన్‌ఫర్మేషన్ మాత్రం ఎవరో ఒకరు ఇవ్వాలి. అభ్యర్థి మేనేజర్ ఫారం నింపడం మర్చిపోయినా, ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగించినా, బోనస్ అలా వేలాడుతూనే ఉంటుంది. వేరే టీమ్‌లోని మేనేజర్‌ను కదిలించే అధికారం రిఫర్ చేసిన మనిషికి లేదు. ఇలాంటి పాలసీ ఉన్న చోట, ప్రొబేషన్ గడువు ముగిసిన వారంలోనే హెచ్‌ఆర్‌కు మెయిల్ రాసి కన్‌ఫర్మేషన్ స్థితి అడగడం మంచిది. అడగకపోతే గుర్తు చేసేవాళ్లు ఉండరు.

పేరోల్ కటాఫ్‌ను కూడా మర్చిపోకూడదు. చాలా కంపెనీల్లో ఆ నెల జీతంలో కలపాల్సిన మార్పులన్నిటినీ ఒక తేదీకి, ఉదాహరణకు 20వ తేదీకి, మూసేస్తారు. పాలసీ "అర్హత వచ్చిన నెల జీతంతోనే" అని చెప్పినా, అర్హత 21న వస్తే డబ్బు తర్వాతి నెలకే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, పని జరిగే తీరే అది. కానీ హెచ్‌ఆర్ జాబితా పంపడం ఆలస్యమై కటాఫ్ దాటితే, దాన్ని పాలసీ అన్నట్టు చెప్పడం సరికాదు. అర్హత తేదీ, కటాఫ్ తేదీ రెండూ తెలిసిన మనిషికి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఈ గడియారం మొదలవడానికి ముందే ఆగిపోయే సందర్భం ఒకటుంది. అభ్యర్థి వివరాలు అప్పటికే కంపెనీ డేటాబేస్‌లో ఉంటే, చాలా పాలసీల ప్రకారం రిఫరల్ చెల్లదు. గత ఆరు నెలల్లోనో ఏడాదిలోనో అతను సొంతంగా అప్లై చేసినా, ఏజెన్సీ అతని రెజ్యూమె పంపినా, క్రెడిట్ ముందు వచ్చిన దారికే పోతుంది. స్నేహితుడు ఉత్సాహంతో ముందు వెబ్‌సైట్‌లో అప్లై చేసి, ఆ సాయంత్రం "నా పేరు రిఫర్ చెయ్యి" అని అడగడం మామూలే. అప్పటికే ఆలస్యమైపోతుంది. సిస్టమ్‌లో నమోదైన సమయమే రుజువు కాబట్టి, రిఫరల్ నంబర్‌తో వచ్చిన మెయిల్‌ను, ఆ రోజు అమల్లో ఉన్న పాలసీ కాపీని దాచుకోవాలి. మధ్యలో పాలసీ మారితే ఏ కాపీ వర్తిస్తుందన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. రిఫర్ చేసిన రోజు ఉన్నదే వర్తించడం న్యాయం. అయినా కొన్ని పాలసీలు ఎప్పుడైనా మార్చే హక్కును కంపెనీకే ఉంచుతాయి.

ఇద్దరూ ఉండాలి, ఎప్పటిదాకా?

సర్వీసు షరతు ఇద్దరికీ ఉంటుంది. చేరిన మనిషి ఉండాలి, రిఫర్ చేసిన మనిషీ ఉండాలి. మొదటిది ఎందుకో పైన చూశాం. రెండోదాన్ని కంపెనీలు ఉద్యోగిని నిలబెట్టుకునే సాధనంగా వాడుకుంటాయి. ఇక్కడ పాలసీలోని ఒక్క మాట మీద మొత్తం డబ్బు ఆధారపడుతుంది.

మన కేసులో రిఫర్ చేసిన ఉద్యోగి 2026 మార్చి 2న రాజీనామా ఇచ్చిందనుకుందాం. 60 రోజుల నోటీసు, చివరి పని దినం ఏప్రిల్ 30. అభ్యర్థి మాత్రం హాయిగా పని చేసుకుంటున్నాడు. ఫిబ్రవరి 7కే అతనికి 90 రోజులు నిండాయి. మరి ఆమెకు మొదటి 30,000 వస్తాయా?

పాలసీ "అర్హత తేదీ నాటికి రిఫర్ చేసిన ఉద్యోగి సర్వీసులో ఉండాలి, నోటీసు పీరియడ్‌లో ఉండకూడదు" అంటే వస్తాయి. ఫిబ్రవరి 7న ఆమె నోటీసులో లేదు. అదే వాక్యం "చెల్లింపు తేదీ నాటికి" అని మొదలైతే రావు. మార్చి చివర ఆమె ఇంకా ఉద్యోగంలోనే ఉంది, ఆఫీసుకు వస్తోంది, కానీ నోటీసులో ఉంది. అర్హత ఎప్పుడో వచ్చేసింది, కంపెనీ తన సౌలభ్యం కోసం పెట్టుకున్న ఏడు వారాల జాప్యంలో ఆ డబ్బు పోయింది. రెండో 30,000 సంగతి తేలికే. మే 8కి ముందే ఆమె వెళ్లిపోయింది కాబట్టి ఏ పాలసీ ప్రకారమూ రాదు, మాజీ ఉద్యోగులకూ చెల్లిస్తామని స్పష్టంగా రాస్తే తప్ప.

చెల్లింపు తేదీని కొలమానంగా పెట్టే షరతు సమర్థించుకోదగినది కాదు. అభ్యర్థి నిలబడటం కంపెనీకి దక్కిన లాభం. ఆ లాభం అందాక, దానికి ఇస్తామన్న ప్రతిఫలాన్ని రాజీనామా పేరుతో ఆపేయడం ముందు చేసిన పనికి తర్వాత వేసే జరిమానాలా ఉంటుంది. పాలసీ రాసే హెచ్‌ఆర్ టీమ్‌లు కనీసం అర్హత తేదీనే కొలమానంగా పెట్టాలి. అలా లేని చోట, రాజీనామా తేదీని కొన్ని వారాలు అటూ ఇటూ జరుపుకునే వీలున్న ఉద్యోగి ముందు ఈ వాక్యాన్ని చదువుకోవాలి.

అభ్యర్థి వైపు కూడా మెలికలున్నాయి. అతను రాజీనామా చేస్తే బోనస్ పోవడం అర్థం చేసుకోవచ్చు. పనితీరు బాగాలేదని తీసేసినా అంతే. కానీ కంపెనీయే ఆ ప్రాజెక్టు మూసేసి లేఆఫ్ చేస్తే? చాలా పాలసీలు ఈ తేడా పట్టించుకోకుండా "ఏ కారణం చేతనైనా" అని రాసేస్తాయి. కొన్ని మాత్రం కంపెనీ నిర్ణయంతో పోయిన ఉద్యోగానికి బోనస్ ఇస్తాయి. అలాగే జీతం లేని సెలవు. పాలసీ "క్యాలెండర్ రోజులు" అంటే సెలవుతో పని లేదు. "సర్వీసు రోజులు" అంటే అభ్యర్థి తీసుకున్న లాస్ ఆఫ్ పే రోజులు లెక్కలోంచి తీసేసి, అర్హత తేదీని అన్ని రోజులు ఆలస్యం చేస్తారు.

అమెరికాలో గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ల విషయంలో ఇంకో కోణం ఉంది. అక్కడి ఓవర్‌టైమ్ రేటును లెక్కించేటప్పుడు చాలా రకాల బోనస్‌లను కూడా కలపాలి. రిఫరల్ బోనస్‌ను కలపనక్కర్లేదు, అయితే కొన్ని షరతులు తీరాలి. మనుషుల్ని చేర్చుకోవడం ఆ ఉద్యోగి ప్రధాన పని కాకూడదు, రిఫర్ చేయడం పూర్తిగా స్వచ్ఛందంగా ఉండాలి, దానికి చెప్పుకోదగ్గ సమయం పట్టకూడదు, పని వేళల తర్వాత స్నేహితులు, బంధువులు, ఇరుగుపొరుగు, పరిచయస్తుల మధ్య జరిగే ప్రయత్నంగానే ఉండాలి. రిక్రూటర్లను, ఆ పోస్టుకు ఎంపిక చేసే మేనేజర్‌ను దాదాపు అన్ని కంపెనీలూ ఈ స్కీమ్ నుంచి తప్పించడానికి మాత్రం కారణం వేరు. జీతమిచ్చేదే ఆ పనికి, మళ్లీ దానికే బోనస్ ఎందుకన్నది కంపెనీల వాదన.

పన్ను: బహుమతి కాదు, జీతమే

"కంపెనీ ఇచ్చిన కానుక కదా, దీనికీ పన్నా?" అని చాలామంది అడుగుతారు. ఉద్యోగం వల్ల వచ్చిన డబ్బు ఉద్యోగ ఆదాయమే. భారత్‌లో అయినా, అమెరికాలో అయినా, బ్రిటన్‌లో అయినా రిఫరల్ బోనస్‌ను జీతంలో కలిపి, చెల్లించేటప్పుడే పన్ను కోస్తారు. పేరులో బోనస్ ఉన్నంత మాత్రాన, భారత చట్టం తప్పనిసరి చేసిన వార్షిక బోనస్‌తో దీనికి సంబంధం లేదు. కాఫీ మగ్గు, సర్టిఫికెట్ లాంటివి వదిలేస్తే, నగదుతో సమానమైన గిఫ్ట్ కార్డు రూపంలో ఇచ్చినా తప్పించుకునే దారి కాదు. అమెరికాలో గిఫ్ట్ కార్డు చిన్న మొత్తానిదైనా నగదు కిందే లెక్క.

మన కేసులోని 30,000 మార్చి 2026 జీతంతో పడింది. ఆమె వార్షిక ఆదాయం ప్రకారం చివరి రూపాయి మీద 20 శాతం పన్ను పడుతుందనుకుందాం. దాని మీద 4 శాతం సెస్ కలిపితే 20.8 శాతం. అంటే 6,240 రూపాయలు పన్నుకు పోయి 23,760 చేతికొస్తాయి. 30 శాతం శ్లాబులో ఉన్న మనిషికైతే 9,360 పోయి 20,640 మిగులుతాయి. ఇద్దరికీ ప్రకటించిన బోనస్ ఒకటే.

మార్చి జీతం కాబట్టి ఇంకో విషయం కూడా కనిపిస్తుంది. జీతం మీద టీడీఎస్‌ను కంపెనీ ఏడాది మొత్తం అంచనా ఆదాయం మీద లెక్కగట్టి మిగిలిన నెలలకు పంచుతుంది. జూన్‌లో బోనస్ పడితే దాని పన్నును కొన్ని పేరోల్ సిస్టమ్‌లు మిగతా నెలలకు సర్దుతాయి, కొన్ని ఆ నెలలోనే కోస్తాయి. మార్చిలో పడితే పంచడానికి నెలలే మిగలవు. మొత్తం ఆ ఒక్క స్లిప్‌లోనే కోతపడుతుంది. "బోనస్ మీద ఎక్కువ పన్ను వేశారు" అన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడి నుంచే పుడుతుంది. రేటు ఎక్కువేమీ కాదు, కోత ఒక్కసారే జరిగింది.

అయితే నిజంగానే దెబ్బ తగిలే చోటు ఒకటుంది, అది ముందే తెలిసి ఉండాలి. 2025-26కు భారత కొత్త పన్ను విధానంలో పన్ను వర్తించే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేట్ వల్ల పన్ను సున్నా. ఉద్యోగికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా పన్ను లేదు. సరిగ్గా 12.75 లక్షల జీతం ఉన్న ఉద్యోగికి ఈ 30,000 బోనస్ వచ్చిందనుకుందాం. పన్ను వర్తించే ఆదాయం 12.30 లక్షలైంది. రిబేట్ పోయింది. శ్లాబుల ప్రకారం పన్ను 64,500 రావాలి. మార్జినల్ రిలీఫ్ దాన్ని 12 లక్షలు దాటిన మొత్తానికి, అంటే 30,000కు, పరిమితం చేస్తుంది. దాని మీద 4 శాతం సెస్ 1,200. మొత్తం 31,200. బోనస్ 30,000, పన్ను 31,200. స్నేహితుణ్ని చేర్పించినందుకు చేతి నుంచి 1,200 పడ్డాయి. పన్ను వర్తించే ఆదాయం సుమారు 12.70 లక్షలు దాటేదాకా ఈ వింత కొనసాగుతుంది. ఈ గీతకు దగ్గరగా జీతం ఉన్నవాళ్లు బోనస్ ఏ ఆర్థిక సంవత్సరంలో పడుతుందో తప్పకుండా చూసుకోవాలి. కంపెనీ ద్వారా వెళ్లే ఎన్‌పీఎస్ పెన్షన్ వాటాకు కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది కాబట్టి, ఆ వెసులుబాటు ఉన్న చోట ఏడాది మధ్యలోనే దాన్ని ఎంచుకుంటే ఆదాయం గీత లోపల ఉండొచ్చు. మార్చిలో గుర్తొస్తే సాధారణంగా ఆలస్యమే.

మరి మార్చిలో రావాల్సిన డబ్బును ఏప్రిల్‌లో ఇమ్మని అడిగితే? అది అనుకున్నంత సులువు కాదు. భారత చట్టంలో జీతం చేతికి వచ్చినప్పుడు గానీ, రావాల్సిన హక్కు ఏర్పడినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు పన్ను లెక్కలోకి వస్తుంది. పాలసీ ప్రకారం మార్చిలో ఇవ్వాల్సింది అయితే, కంపెనీ మే నెలలో వేసినా అది గత సంవత్సరపు జీతమే అనే వాదనకు ఆధారం ఉంటుంది. పాలసీయే ఏప్రిల్ అని చెబితే ఆ చిక్కు లేదు. "90 పని దినాలు" అన్న మాట ఒక్కటే సంవత్సరాన్ని మార్చేస్తుందని పైన చూసింది ఇందుకే.

అమెరికాలో లెక్క తీరు వేరు. బోనస్‌ను మామూలు జీతం నుంచి విడిగా చూపించి చెల్లిస్తే, కంపెనీ ఫెడరల్ ఆదాయపు పన్ను కింద 22 శాతం చొప్పున కోయొచ్చు. దానికి తోడు సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం. 3,000 డాలర్ల బోనస్ అయితే 660 డాలర్లు, మరో 229.50 డాలర్లు పోయి 2,110.50 మిగులుతాయి. రాష్ట్ర పన్ను ఉంటే అది కూడా తీసేయాలి. ఆ 22 శాతం తుది పన్ను కాదు, ముందస్తు కోత మాత్రమే. 12 శాతం శ్లాబులో ఉన్న మనిషికి రిటర్న్ వేసినప్పుడు తేడా వెనక్కొస్తుంది, 32 శాతంలో ఉన్న మనిషి ఇంకా కట్టాల్సి ఉంటుంది. బోనస్‌ను జీతంలో కలిపి ఒకే మొత్తంగా చెల్లిస్తే, ఆ పెద్ద మొత్తమే ప్రతిసారీ వస్తుందన్నట్టు పట్టిక ప్రకారం కోస్తారు, అప్పుడు కోత ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను ఏడాది పొడుగునా సర్దుబాటు అవుతూ వస్తుంది. నేషనల్ ఇన్సూరెన్స్ మాత్రం మామూలు ఉద్యోగులకు ఏ నెల జీతం మీద ఆ నెలకే లెక్క కాబట్టి, బోనస్ వల్ల పెరిగిన కోత తర్వాతి నెలల్లో సర్దుకోదు.

కొన్ని కంపెనీలు "చేతికి ఇంత" అని హామీ ఇస్తాయి. దాన్ని గ్రాస్-అప్ అంటారు. 31.2 శాతం పన్ను పడే ఉద్యోగికి నికరంగా 30,000 అందాలంటే కంపెనీ 30,000ను 0.688తో భాగించి, సుమారు 43,605 చూపించాలి. ఇది చాలా అరుదు. పాలసీలో ఆ మాట స్పష్టంగా లేకపోతే ప్రకటించిన మొత్తం పన్నుకు ముందుదే అనుకోవాలి.

వెనక్కి అడిగినప్పుడు

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది రికవరీ దగ్గర. మన కేసులో రిఫర్ చేసిన ఉద్యోగి రాజీనామా ఇవ్వలేదు, కంపెనీలోనే ఉంది అనుకుందాం. మార్చిలో మొదటి 30,000 పడ్డాయి, పన్ను పోగా 23,760 వచ్చాయి. 180 రోజులు నిండకముందే, మే 5న అభ్యర్థి వెళ్లిపోయాడు. పాలసీలో "చేరిన ఏడాది లోపు వెళ్లిపోతే చెల్లించిన బోనస్ రికవరీ చేస్తాం" అని ఉంది. జూన్ జీతంలో కంపెనీ 30,000 కోసింది.

ఆమె అందుకున్నది 23,760, తిరిగి ఇస్తున్నది 30,000. తేడా 6,240 ప్రభుత్వం దగ్గరికి పోయింది, ఆమె పేరు మీద, రాని ఆదాయానికి పన్నుగా. దాన్ని వెనక్కి తెచ్చుకోవడం అన్నది కంపెనీ ఆ రికవరీని స్లిప్‌లో ఎక్కడ చూపించింది అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది.

జీతం స్లిప్‌లో ఎడమ వైపు సంపాదనలు, కుడి వైపు కోతలు ఉంటాయి. రికవరీని సంపాదనల వైపే మైనస్ 30,000గా చూపిస్తే, ఆ మేరకు పన్ను లెక్కించే జీతం తగ్గుతుంది, టీడీఎస్ కూడా దానంతటదే తగ్గుతుంది. 20.8 శాతం రేటే కొనసాగితే నిజంగా జేబులోంచి పోయేది 23,760. అదే రికవరీని కోతల వైపు, లోన్ వాయిదా లాగా వేస్తే, పన్ను లెక్కలో ఏ మార్పూ ఉండదు. పూర్తి 30,000 పన్ను కట్టేసిన జీతం నుంచి పోతుంది. స్లిప్ చూడగానే ఇది తెలిసిపోతుంది. రికవరీ పడిన నెలలో ఆదాయపు పన్ను లైను అంతకుముందు నెలలాగే ఉంటే, రికవరీ కోతల వైపు పడిందని అర్థం.

చెల్లింపు, రికవరీ ఒకే ఆర్థిక సంవత్సరంలో జరిగితే సంపాదనల వైపు సర్దడానికి పేరోల్ టీమ్ సాధారణంగా అభ్యంతరం చెప్పదు. సంవత్సరం మారితే తటపటాయిస్తుంది, ఎందుకంటే మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు అప్పటికే సమర్పించి ఉంటారు. భారత చట్టంలో ఇలా తిరిగి ఇచ్చిన జీతానికి ప్రత్యేకమైన మినహాయింపు లేదు. నోటీసు పూర్తి చేయకుండా వెళ్లినందుకు కోసే నోటీసు పే రికవరీ విషయంలో అహ్మదాబాద్ ఆదాయపు పన్ను ట్రైబ్యునల్ 2017లో, రికవరీ పోగా ఉద్యోగికి నిజంగా అందిన జీతం మీదే పన్ను అని తేల్చింది. ఆ తర్కం ఇక్కడా పనికొస్తుంది గానీ, దాని కోసం రిటర్న్‌లో వాదించాల్సి రావచ్చు. అయిదారు వేల కోసం అంత దూరం వెళ్లేవాళ్లు తక్కువ.

బ్రిటన్‌లో 2014లో అప్పర్ ట్రైబ్యునల్ ఒక సైనింగ్ బోనస్ కేసులో, ఒప్పందం ప్రకారం తిరిగి కట్టిన భాగాన్ని నెగెటివ్ ఆదాయంగా, అంటే తిరిగి కట్టిన ఏడాది ఆదాయంలోంచి తగ్గించదగినదిగా గుర్తించింది. అమెరికాలో అదే క్యాలెండర్ సంవత్సరంలో తిరిగి ఇస్తే కంపెనీ జీతం లెక్కనే సవరించగలదు. మరుసటి ఏడాది ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ భాగాన్ని మాత్రమే కంపెనీ సర్దగలదు. ఆదాయపు పన్ను భాగం కోసం ఉద్యోగి తన రిటర్న్‌లో అడగాలి, అది కూడా తిరిగి ఇచ్చిన మొత్తం 3,000 డాలర్లు దాటితేనే. దాటకపోతే ఆ పన్ను పోయినట్టే. రిఫరల్ బోనస్‌లు చాలావరకు ఈ పరిమితి లోపలే ఉంటాయి కాబట్టి, డిసెంబర్ 31 లోపు తేల్చుకోవడానికీ జనవరిలో తేల్చుకోవడానికీ తేడా నిజమైన డబ్బులో కనిపిస్తుంది.

అందువల్ల రికవరీ నోటీసు వచ్చిన రోజునే పేరోల్‌కు రెండు ప్రశ్నలు రాసి పంపాలి. రికవరీ గ్రాస్ మొత్తం మీదా, చేతికొచ్చిన నెట్ మొత్తం మీదా? గ్రాస్ అయితే స్లిప్‌లో సంపాదనల వైపు మైనస్‌గా చూపిస్తారా? జవాబు మెయిల్‌లో తీసుకోవాలి. ఏడాది చివర కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్‌లోని స్థూల జీతం, స్లిప్‌లన్నీ కూడితే వచ్చే మొత్తంతో సరిపోవాలి. సర్టిఫికెట్‌లో 30,000 ఎక్కువ కనిపిస్తే సర్దుబాటు జరగలేదన్నమాట. దాన్ని కంపెనీ సవరించి మళ్లీ ఇవ్వగలిగే సమయంలోనే, రిటర్న్ వేయకముందే, అడగాలి.